స్టిక్కర్ చుట్టూ మిగిలిపోయే ఆ తెల్ల గీతను ఏమందాం?

లలిత:
కదిలే స్టిక్కర్ల రంగు మార్చడం మీద కొత్తవాళ్ల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. ఒక మాట దగ్గర ఆగిపోయాను. నా దగ్గర రెక్కలాడించే పసుపు పక్షి జిఫ్ ఉంది, 12 ఫ్రేములు. దాన్ని GIMP అనే బొమ్మల ప్రోగ్రాంలో నీలం చేశాను. తెల్ల తెర మీద చక్కగా ఉంది. ముదురు రంగు చాట్‌లో పెట్టగానే పక్షి ఒళ్లంతా చుట్టి సన్నటి తెల్ల గీత మెరుస్తోంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని హేలో అంటారు, ఫ్రింజ్ అని కూడా అంటారు. నేను "అంచు" అని రాస్తే చదివేవాళ్లు పక్షి అంచు అనుకుంటారు. అంచుకు పేరు ఉంది. అంచు మీద ఉండకూడనిది ఉండిపోయింది కదా, దానికి పేరు కావాలి.

మూర్తి:
మనకు మాట ఉందమ్మా. చంద్రుడి చుట్టూ వెలుగు వలయం కనబడితే "గుడి కట్టింది" అంటాం. వరదగుడి, గాలిగుడి అని పెద్దవాళ్లు అనే మాటలే. సంస్కృతంలో పరివేషం. "పక్షి చుట్టూ గుడి కట్టింది" అని రాయండి, ఎవరికైనా కళ్లకు కడుతుంది.

సుధ:
మాట బాగుంది. కానీ అసలు అది రాకుండానే చేయొచ్చు కదా. బకెట్‌తో రంగు పోసేటప్పుడు, ఎంత దగ్గరి రంగుల దాకా పోయాలో చెప్పే Threshold పెంచండి. తక్కువగా ఉంటే అంచు పిక్సెళ్లను వదిలేస్తుంది. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను, పని అయిపోతుంది.

కిరణ్:
సుధ గారూ, మీరు చెప్పింది నిజమే కానీ అది వేరే తప్పుకు మందు. Threshold తక్కువైతే మిగిలేది పాత రంగు. అంటే నీలం పక్షి చుట్టూ పసుపు గీత. లలిత గారికి కనబడుతున్నది తెలుపు. అది పక్షి రంగు కాదు, పక్షిని మొదట ఏ రంగు మీద పెట్టి జిఫ్ చేశారో ఆ రంగు. రెండూ అంచు మీదే కనబడతాయి కాబట్టి ఒకటే అనిపిస్తాయి. పాఠంలో రెంటికీ ఒకే పేరు పెడితే చదివినవాళ్లు తప్పు మందు వాడతారు.

లలిత:
నేను బకెట్ వాడలేదు. Hue-Saturation లో రంగు తిప్పాను. అయినా తెలుపు ఎందుకు అలాగే ఉంది?

కిరణ్:
తిప్పినందుకే ఉండిపోయింది. అంకెలతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మీ పక్షి ఒంటి రంగు 255, 204, 0 అనుకుందాం. గీసినవాళ్లు అంచు నునుపుగా కనబడాలని అక్కడి పిక్సెళ్లలో పక్షిని, వెనకున్న తెలుపును కలిపారు. సగం పక్షి, సగం తెలుపు అయిన పిక్సెల్ 255, 230, 128 అవుతుంది. లేత పసుపు. రంగు తిప్పితే లేత పసుపు లేత నీలం అవుతుందే తప్ప, అందులో కలిసిన తెలుపు ఎక్కడికీ పోదు. తెల్ల తెర మీద ఆ లేత నీలం నునుపుగా కనబడుతుంది. నల్లటి తెర మీద అదే మెరుస్తుంది.

ఇక్కడే మన భాషకు సంబంధించిన ఇంకో చిక్కు. జిఫ్ గురించి రాసేటప్పుడు అందరం "పారదర్శకం" అంటున్నాం. గాజు పారదర్శకం, పలచటి బట్ట కొంచెం పారదర్శకం. జిఫ్‌లో ఆ "కొంచెం" లేదు. 256 రంగుల పట్టికలో ఒక గడిని "ఇది కనబడదు" అని గుర్తు పెట్టుకుంటుంది, అంతే. పిక్సెల్ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే లేదు. సగం పక్షి అయిన పిక్సెల్‌ను సగం కనబడేలా దాచే చోటు లేదు కాబట్టే తెలుపుతో కలిపి గట్టి రంగుగా నిలబెట్టేశారు. అందుకే జిఫ్ విషయంలో నేను "ఖాళీ" అంటాను. పారదర్శకం అనే మాటను వెబ్‌పీ, ఏపీఎన్‌జీ లాంటి కదిలే బొమ్మల రకాలకు ఉంచితే బాగుంటుంది. వాటిలో ఎంత కనబడాలో 0 నుంచి 255 దాకా మెట్లున్నాయి.

మూర్తి:
ఈ తేడా నాకు తెలియదు. "ఖాళీ" అనేది సరైన మాట. లోపల ఏమీ లేదు అని చెబుతుంది.

లలిత:
"ఖాళీ" తీసుకుంటున్నాను. మరి నా పక్షి సంగతి? GIMP లో Color to Alpha తో తెలుపు తీసేయబోయాను. తెల్ల గీతతో పాటు పక్షి కళ్లలో తెలుపూ పోయింది. కళ్ల లోంచి వెనకున్న నలుపు కనబడుతోంది, చూడలేకపోయాను.

కిరణ్:
ఆ పనిముట్టుకు ఏ తెలుపు అంచుది, ఏ తెలుపు కంటిది అనే తేడా తెలియదు. మనమే హద్దు గీయాలి. ముందు జిఫ్‌ను విడి ఫ్రేములుగా, ప్రతి ఫ్రేమూ నిండుగా ఉండేలా తీయండి. చాలా జిఫ్‌లలో రెండో ఫ్రేము నుంచి మారిన ముక్క మాత్రమే ఉంటుంది. ఆ ముక్క మీద పని చేస్తే తెగిన చోటల్లా కొత్త అంచులు పుట్టుకొస్తాయి. ImageMagick లో ఈ ఆదేశం ఇవ్వండి:

```
magick pakshi.gif -coalesce frame_%02d.png
```

తర్వాత ఒక్కో ఫ్రేము తెరిచి, Image మెనూలో Mode ను RGB చేసి, Alpha to Selection తో పక్షి ఆకారాన్ని ఎంచుకోండి. ఆ ఎంపికను 2 పిక్సెళ్లు లోపలికి కుదించి, మొత్తం ఆకారంలోంచి దాన్ని తీసేస్తే చుట్టూ సన్నటి పట్టీ మిగులుతుంది. Color to Alpha ఆ పట్టీలోనే నడపండి. కళ్లు పట్టీకి లోపల ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోదు.

ఒక్క ఇబ్బంది ఉంది. తెలుపు తీసేయమంటే ఆ పనిముట్టు వీలైనంత తీసేస్తుంది, మీ పక్షి అసలు రంగు ఏదో దానికి తెలియదు. మీ పసుపులో నీలం పాలు 0 కాబట్టి లెక్క సరిగ్గా కుదురుతుంది. ఒంట్లో నీలం సున్నా, తెలుపులో 255. అంటే అంచు పిక్సెల్‌లో నీలం అంకె చూస్తే చాలు, అందులో తెలుపు ఎంతో తెలిసిపోతుంది. 128 ఉంటే సగం పక్షి. 64 ఉంటే ముప్పాతిక పక్షి. అదే పక్షి లేత గులాబీ రంగులో ఉంటే ఈ పద్ధతి ఒంటి రంగులోని తెలుపును కూడా లాగేస్తుంది. అంచు చిరిగినట్టు, పలచబడినట్టు కనబడుతుంది.

తెలుపు పోయాక రంగు తిప్పొద్దు. లేయర్‌కు Lock alpha పెట్టి, ఆ పట్టీ మీద కొత్త నీలాన్ని బ్రష్‌తో నేరుగా వేయండి. ఎంత కనబడాలి అన్నది మారదు, ఏ రంగు అన్నదే మారుతుంది. ఒంటికి కూడా అదే నీలం రావాలి, లేకపోతే అంచు వేరుగా తేలుతుంది.

సుధ:
ఇప్పుడు అర్థమైంది. నా స్టిక్కర్లన్నింటికీ చుట్టూ కావాలని గీసిన ముదురు గోధుమ రంగు గీత ఉంటుంది, అందుకే నాకు Threshold తోనే సరిపోయేదేమో.

కిరణ్:
అవును. మీరు గీత లోపల మాత్రమే రంగు మారుస్తారు, బయటి అంచు ముట్టుకోరు. కానీ మీ గీత కూడా తెలుపు మీదే తయారై ఉంటే, ఒకసారి నలుపు మీద పెట్టి చూడండి.

సుధ:
పెట్టి చూశాను. సన్నగా తెల్ల గీత ఉంది. ఇన్నాళ్లూ తెలుపు మీదే చూస్తున్నాను.

కిరణ్:
స్టిక్కర్ వెనకుండే రంగును, అంటే నేలను, మూడు రకాలుగా మార్చి చూడాలి. నలుపు, తెలుపు, ఒక గాఢమైన ఆకుపచ్చ. 400 శాతం పెద్దది చేసి చూస్తే ఏ గీత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిపోతుంది.

రమణ:
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. నాది తెలుగు అక్షరాల స్టిక్కర్, "శుభోదయం" అని. గుడి లేకుండా చేద్దామని Threshold Alpha 0.5 పెట్టాను. తెల్ల గీత పోయింది కానీ "భో" మీది గీతలు విరిగిపోయాయి, చివరి సున్నా కోడిగుడ్డులా గట్టిగా అయిపోయింది. ఇది ఫాంట్ తప్పా?

కిరణ్:
ఫాంట్ తప్పు కాదు. Threshold Alpha సగం కన్నా తక్కువున్న పిక్సెల్‌ను పారేసి, ఎక్కువున్నదాన్ని నిండుగా చేస్తుంది. తలకట్టు, ఒత్తుల తోకలు చిన్న సైజులో ఒక పిక్సెల్ వెడల్పు కూడా ఉండవు, మొత్తం సగం పిక్సెళ్లే. అవి కొన్ని పోతాయి, కొన్ని లావవుతాయి. జిఫ్‌గానే ఉంచాలంటే అక్షరాలను పెద్ద సైజులో, కాస్త బొద్దు ఫాంట్‌లో పెట్టండి. అక్షరాల చుట్టూ కావాలని ఒక మందపాటి తెల్ల పట్టీ గీయడం ఇంకో దారి. అప్పుడు బయటి అంచు తెలుపే కాబట్టి తెలుపు కలిసినా తప్పు కాదు, అక్షరాల నునుపు లోపల భద్రంగా ఉంటుంది.

మూర్తి:
కావాలని వేసినదానికీ వద్దన్నా వచ్చినదానికీ "గుడి" అనే అంటే చదివేవాళ్లు తికమక పడతారు. నా మాట నేనే కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. నల్లటి నేల మీద తయారైన జిఫ్‌ను తెలుపు మీద పెడితే నల్ల గీత వస్తుంది కదా కిరణ్ గారూ? గుడి అంటే వెలుగు ఉండాలి. నల్లదానికి ఆ మాట నప్పదు. "చార" ఎలా ఉంది? తెల్లచార, నల్లచార, పసుపుచార. ఏ రంగు మిగిలితే ఆ పేరు ముందు తగిలించవచ్చు.

రమణ:
చార అంటే ఉడుత వీపు మీదిలా నిలువు గీత గుర్తొస్తుంది. చుట్టూ తిరిగినట్టు అనిపించదు.

సుధ:
నాకైతే "తెల్లచార" వెంటనే అర్థమైంది. పసుపుచార అంటే నా తప్పు, తెల్లచార అంటే లలిత గారి తప్పు. మందు ఏదో పేరులోనే ఉంది.

కిరణ్:
నేను పనిలో "నేల జాడ", "పాత రంగు జాడ" అంటాను. ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాయి. పసుపు పక్షిని పసుపు నేల మీద తయారు చేసి ఉంటే రంగును బట్టి పెట్టిన పేరు పనికిరాదు.

లలిత:
12 ఫ్రేములూ అయ్యాయి. మొదట జిఫ్ చేశాను:

```
magick -delay 8 -dispose Background -loop 0 frame_*.png -channel A -threshold 50% +channel neelam.gif
```

తెలుపు లేదు, కానీ రెక్క చివర మెట్లు మెట్లుగా ఉంది. మొదటిసారి `-dispose Background` మరిచిపోయాను, ఎత్తిన రెక్క వెనక పాత రెక్క నిలిచిపోయింది. తర్వాత అవే ఫ్రేములతో వెబ్‌పీ చేశాను:

```
img2webp -loop 0 -d 80 -lossless frame_*.png -o neelam.webp
```

ఇది మూడు నేలల మీదా నునుపుగా ఉంది. ఎడమ రెక్క కింద నాలుగో ఫ్రేములో ఒక చోట మాత్రం లేత నీలం చుక్కలు రెండు కనబడుతున్నాయి. అక్కడ రెక్క ఒంటిని దాటుతుంది.

కిరణ్:
అక్కడ రెక్కకూ ఒంటికీ మధ్య చిన్న సందు ఉండి ఉంటుంది, ఆకారాన్ని ఎంచుకున్నప్పుడు ఆ సందులోని తెలుపు పక్షిలో భాగంగా వచ్చేసింది. అది ఖాళీ కాదు, తెలుపు కలిసిన గట్టి పిక్సెళ్లే. ఆ ఒక్క ఫ్రేములో చేత్తో చెరపాలి.

లలిత:
అదే. దగ్గరికి వెళ్లి చూస్తే సందు ఉంది, చెరిపేశాను. పాఠంలో ఇప్పటికి "నేల జాడ" అని రాసి, మొదటిసారి వచ్చిన చోట "తెల్లచారలా కనబడే నేల జాడ" అని పెడుతున్నాను.

మూర్తి:
"నేల" అంటే భూమి అనుకోరా?

లలిత:
బొమ్మ పక్కనే ఉంటుంది కాబట్టి అనుకోరనే నా నమ్మకం. ఎవరికైనా ఇంతకన్నా పొట్టి మాట తడితే చెప్పండి, పాఠం వెళ్లేలోపు మారుస్తాను.