ఫోరియర్ ట్రాన్స్‌ఫామ్‌తో సాల్వ్ చేస్తే A, B కాన్‌స్టంట్లు ఎక్కడికి పోతున్నాయి?

హన్మకొండ_ఎమ్మెస్సీ: ఇంటర్నల్ పరీక్ష దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. x'' + 2x' + 5x = f(t), t > 0 అయితే f = e^(-t), అంతకుముందు సున్నా. రెండు వైపులా ట్రాన్స్‌ఫామ్ తీస్తే ఒక్కో డెరివేటివ్‌కు ఒక iω వస్తుంది కదా:

```
(5 - ω² + 2iω) X = 1/(1 + iω)
```

భాగించి వెనక్కి తెస్తే x = e^(-t)(1 - cos 2t)/4 వచ్చింది. సెకండ్ ఆర్డర్ సమీకరణానికి రెండు కాన్‌స్టంట్లు ఉండాలి కదా, ఒక్కటి కూడా రాలేదు. పైగా లెక్కలో x(0) = 1, x'(0) = 0 అని ఇచ్చారు. వాటిని ఎక్కడ పెట్టాలి?

కాజీపేట_కుర్రోడు: ఇనిషియల్ కండిషన్స్ ఇస్తే ఫోరియర్ పనికిరాదు, లాప్లాస్‌కు మారిపో. ఫోరియర్ ఇచ్చేది స్టెడీ స్టేట్ ఒక్కటే.

సుబేదారి_మేడమ్: లాప్లాస్‌తో తొందరగా అయిపోతుంది, ఆ మాట నిజమే. స్టెడీ స్టేట్ ఒక్కటే వస్తుందనేది మాత్రం సరి కాదు. పై జవాబునే చూడండి: t = 0 దగ్గర సున్నా, వేగం సున్నా, కాసేపు ఊగి ఆగిపోతుంది. అందులో స్టెడీ అన్నదే లేదు.

జరిగింది ఇదీ. A, B ఉండే భాగం e^(-t)(A cos 2t + B sin 2t). ముందుకు వెళ్తే అది తగ్గిపోతుంది, కానీ ఫోరియర్ ఇంటిగ్రల్ మైనస్ అనంతం నుంచి మొదలవుతుంది. అటు వెళ్లేకొద్దీ e^(-t) పెరిగిపోతుంది కాబట్టి దానికి ట్రాన్స్‌ఫామే లేదు. X అని రాసిన క్షణమే మీరు ఆ భాగాన్ని వదిలేశారు. మిగిలింది, బలం తగలకముందు కదలకుండా ఉన్న ఆసిలేటర్ కథ.

హన్మకొండ_ఎమ్మెస్సీ: మరి x(0) = 1 కావాలంటే చివర్లో చేత్తో కలపాలా మేడమ్?

సుబేదారి_మేడమ్: కలపొచ్చు. లేదా ఫోరియర్‌లోనే చేయొచ్చు. t < 0 అంతా x = 0 అనుకోండి. సున్నా దగ్గర x ఒక్కసారిగా 1కి ఎగిరితే x' లో δ(t), x'' లో δ'(t) పుడతాయి. అంటే కుడి వైపున f తో పాటు δ'(t) + 2δ(t) కూడా రాయాలి. 2 ఎందుకంటే 2x' నుంచి వచ్చిన δ అది. వాటి ట్రాన్స్‌ఫామ్ iω + 2. దాన్ని (5 - ω² + 2iω) తో భాగించి వెనక్కి తెస్తే e^(-t)(cos 2t + ½ sin 2t) వస్తుంది. మీ పాత జవాబుకు కలపండి:

```
x = e^(-t) (1/4 + (3/4) cos 2t + (1/2) sin 2t)
```

t = 0 పెడితే x = 1. వేగం -1 + 1 = 0. పేపర్ మీద ఈ రెండూ సరిచూసుకోకుండా ముందుకు పోవద్దు. δ' తో పాటు వచ్చే ఆ 2δ ని చాలామంది మర్చిపోతారు. అప్పుడు x(0) సరిగ్గానే వస్తుంది, వేగం మాత్రం -2 వస్తుంది. తప్పు ఎక్కడుందో దాన్నిబట్టే తెలిసిపోతుంది.

కాజీపేట_కుర్రోడు: ఇలా δ పెట్టడం మాకెవరూ చెప్పలేదు. కానీ డంపింగ్ తీసేస్తే? x'' + 4x = f అయితే 4 - ω² తో భాగించాలి, ω = 2 దగ్గర సున్నా అయిపోతుంది.

సుబేదారి_మేడమ్: డంపింగ్ ఉన్నప్పుడు హారం సున్నా అయ్యేది ω = ±2 + i దగ్గర, అంటే రియల్ లైన్ మీద కాదు. అందుకే నిశ్చింతగా భాగించాం. డంపింగ్ లేకపోతే అవి రియల్ లైన్ మీదికి వచ్చేస్తాయి. అప్పుడు X కి Aδ(ω-2) + Bδ(ω+2) కలిపినా సమీకరణం చెడదు, ఎందుకంటే (4 - ω²) తో గుణిస్తే ఆ రెండూ మాయమవుతాయి. మీరు వెతుకుతున్న A, B ఇక్కడ కనబడతాయి. లైన్ మీది పోల్‌ను ఏ పక్క నుంచి తప్పించుకోవాలన్నది సమీకరణం చెప్పదు, బలం కంటే ముందు కదలిక ఉండకూడదని మనమే తేల్చుకోవాలి.

కరీంనగర్_గ్రానైట్: మాది పాలిషింగ్ యూనిట్ అన్నా. మిషన్ బేస్‌ను సుత్తితో కొట్టి, ఆ దెబ్బ బలాన్ని సెన్సార్‌తో రికార్డు చేసి, `numpy.fft` లో ఇలాగే భాగించి కదలిక లెక్కగట్టాను. దెబ్బ పడకముందే గ్రాఫ్ ఊగుతోంది! మీ A, B సమస్యే అనుకుంటా?

సుబేదారి_మేడమ్: అది వేరే సమస్య. ఎఫ్‌ఎఫ్‌టీ మీ రికార్డును గుండ్రంగా చుట్టి, చివరను మొదటికి కలిపేస్తుంది. ఊగడం ఆగకముందే రికార్డు అయిపోతే ఆ తోక మొదట్లోకి వచ్చి పడుతుంది. పై లెక్కలోలా e^(-t) తో తగ్గేదైతే 3 సెకన్లకు ఇంకా 5 శాతం మిగిలి ఉంటుంది. 8 సెకన్లకు 0.03 శాతం. బలం డేటా చివర సున్నాలు చేర్చి రికార్డు పొడిగించి చూడండి.

కరీంనగర్_గ్రానైట్: రెండింతలు పొడిగించాను. మొదట్లో ఊగడం బాగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. డంపింగ్‌ను నేను అందాజుగా వేసుకున్నాను, దానివల్లనా?

సుబేదారి_మేడమ్: కావచ్చు. నిజమైన దానికంటే తక్కువ వేస్తే లెక్కలో తోక పొడవవుతుంది, ఇంకా ఎక్కువ సున్నాలు కావాలి. మీరు లెక్కలో iω కి బదులు -iω గానీ రాశారా? గుర్తు మారితే పోల్స్ అవతలి పక్కకు పోయి, నిజంగానే దెబ్బకు ముందు ఊగే జవాబు వస్తుంది. అప్పుడు ఎన్ని సున్నాలు చేర్చినా పోదు. ఆ లైన్ ఒకటి ఇక్కడ పెట్టండి, చూస్తాను.

కరీంనగర్_గ్రానైట్: లాప్‌టాప్ యూనిట్‌లో ఉంది మేడమ్, రేపు పొద్దున పెడతా.