‘దిప్లోమా’ను డిప్లొమా అని రాస్తే ఏమవుతుంది?

పద్మజ: అందరికీ నమస్కారం. ఇటలీలోని తొరీనోలో ఉంటున్న ఒక తెలుగువాళ్ల అమ్మాయి 2023లో అక్కడే లిచేయో షియెంతీఫికో, అంటే సైన్సు ప్రధానమైన హైస్కూలు, పూర్తి చేసింది. హైదరాబాదులో డిగ్రీ చదవాలనుకుంటోంది. ఆమె కాగితాలను ఇంగ్లీషులోకి మార్చే పని నాకు అప్పగించారు. రెండు చోట్ల ఆగిపోయాను. ఒకటి, పట్టా మీద ఉన్న ‘దిప్లోమా’ అన్న మాట. రెండోది, నాలుగో ఏడాది పజెల్లాలో, అంటే మార్కుల కాగితంలో, లెక్కలకి 5 వేసి, కింద ‘జుదీత్సియో సొస్పేసో’ అని రాశారు. మక్కీకి మక్కీ దింపితే ‘తీర్పు సస్పెండ్ చేయబడింది’ అని వస్తోంది. చదివితే నాకే భయం వేసింది. ఎలా రాయమంటారు?

శేషగిరిరావు: అమ్మా, పజెల్లాకి ‘ప్రగతి పత్రం’ అని చక్కటి మాట ఉండగా వెతుకులాట ఎందుకు? మా రోజుల్లో మాస్టారు అదే అనేవారు. ‘ప్రోగ్రెస్ కార్డు’ తరవాత వచ్చింది.

పద్మజ: బాబాయిగారూ, మాట బాగుంది. కానీ ఈ కాగితం వెళ్లేది కాలేజీ అడ్మిషన్ల గదికి, అదీ ఇంగ్లీషులో. అక్కడి గుమాస్తాకి ఏం అర్థమవుతుందన్నదే నా బెంగ.

రవికిరణ్: ఇందులో ఇబ్బందేముందండీ? వాళ్లవి పదికి మార్కులు. పదితో గుణిస్తే శాతం వచ్చేస్తుంది. 6 అంటే 60, అంటే ఫస్ట్ క్లాసు. చివరి పరీక్షకి ఎలాగూ వందకే ఇస్తారు. ఆ అమ్మాయికి ఎంత వచ్చింది?

పద్మజ: 78. అయిదో ఏడాది సగటు 7.6.

రవికిరణ్: అయితే 78 శాతం అని రాసెయ్యండి.

సుభద్ర: రవిగారూ, వందకి 78 అన్నది నిజమే, కాగితం మీద అలాగే ఉంటుంది. కానీ 6ని ఫస్ట్ క్లాసు అనకండి. ఇటలీ బడిలో 6 అంటే గట్టెక్కడం. ‘సుఫిచియెంతె’ అంటారు, అంటే ‘చాలు’ అని. 5 వస్తే ఆ సబ్జెక్టు పోయినట్టే. మన ఇంటర్లో 35 దగ్గర గీత గీస్తే, వాళ్లు 60 దగ్గర గీశారు. గీత వేరైనప్పుడు అక్కడి 60, ఇక్కడి 60 ఒకటి ఎలా అవుతాయి? పైగా 9, 10 వేసే విషయంలో అక్కడి టీచర్ల చెయ్యి బిగుతు. ఏళ్ల తరబడి ఈ పని చేశాను కాబట్టి చెబుతున్నా, అనువాదకులు గుణించకూడదు. 7 ఉంటే 7 అనే రాయాలి. కింద వేరుగా ‘అనువాదకుల వివరణ’ అని పెట్టి, పదికి 6, వందకి 60 కనీస ఉత్తీర్ణత అని రెండు వాక్యాలు రాస్తే చాలు.

ఆ 78 ఎలా వచ్చిందో విడదీసి ఉంటే అదీ దించాలి. పద్మజా, పరీక్ష వివరాల కాగితం ఉందా?

పద్మజ: ఉంది. క్రేదితో 31, మొదటి రాత పరీక్ష 14, రెండోది 15, కొల్లోక్వియో అనే నోటి పరీక్ష 18.

సుభద్ర: సరిగ్గా 78. క్రేదితో అంటే చివరి మూడేళ్ల సగటుల్ని బట్టి బడి ఇచ్చే పాయింట్లు, 40కి. మిగతా మూడూ 20 చొప్పున. అంటే వందలో 40 పాళ్లు పరీక్షకి ముందే తేలిపోతాయి. ఇది చెప్పకపోతే మనవాళ్లు 78ని ఒక్క పరీక్షలో తెచ్చుకున్న మార్కుగా చదువుతారు. ఇంకోటి, పజెల్లాలో ‘కొంపొర్తమెంతో’ అని ప్రవర్తనకి కూడా పదికి మార్కు ఉంటుంది, అది సగటులో కలుస్తుంది. సబ్జెక్టులన్నీ కూడి చూసిన గుమాస్తాకి 7.6 రాలేదంటే తప్పు అనువాదానిది అనుకుంటాడు. వివరణలో ఆ మాట కూడా వెయ్యండి.

లక్ష్మి: మా అబ్బాయిది 2021 పట్టా. వాడి కాగితంలో క్రేదితోకి 60, నోటి పరీక్షకి 40 అనే ఉంది. రాత పరీక్ష ఊసే లేదు. సుభద్రగారు చెప్పినట్టు లేదేంటి? మావారిది ఇంకా పాతది, 1998. దాని మీద 42/60 అని ఉంది. ఆయన కూడా అక్కడే చదివారు.

సుభద్ర: మూడూ సరైనవే లక్ష్మిగారూ. కోవిడ్ వల్ల 2020, 2021లో రాత పరీక్షలు ఎత్తేశారు, అందుకే 60, 40. మీవారి కాలంలో మొత్తమే 60కి, పాసు 36. వందకి మార్చింది 1999 నుంచి. ఆయన పట్టా అనువదించేటప్పుడు 70/100 అని మార్చకండి, 42/60 అనే ఉంచి, కనీసం 36 అని వివరణలో చెప్పండి. అందుకే నేను ముందు ఏడాది చూసుకుంటాను, తరవాతే వివరణ రాస్తాను. ఒక ఏడాదికి రాసిన వివరణ ఇంకో ఏడాది కాగితానికి అతికించడమే నేను ఎక్కువగా చూసిన తప్పు.

ఇక ‘దిప్లోమా’. మన దగ్గర డిప్లొమా అనగానే పదో తరగతి తరవాత పాలిసెట్ రాసి చేరే మూడేళ్ల పాలిటెక్నిక్. అమ్మాయి కాగితం మీద ఆ మాట ఒక్కటే కనిపిస్తే, ‘ఈసెట్ రాశావా?’ అని అడిగినా ఆశ్చర్యం లేదు. అందుకని ఇటాలియన్ పేరు యథాతథంగా ఉంచి, పక్కనే ‘ఉన్నత పాఠశాల ముగింపు ధ్రువపత్రం’ అనే అర్థం వచ్చేలా ఇంగ్లీషు పేరు రాయండి. ‘ఇంటర్‌తో సమానం’ అని మాత్రం రాయకండి. వాళ్లది మొత్తం 13 ఏళ్ల బడి, మనది 12. సమానమో కాదో తేల్చే పని భారతీయ విశ్వవిద్యాలయాల సంఘానిది, అనువాదకులది కాదు. పట్టా అసలైనదేనని విదేశాల కోసం ధ్రువీకరించే అపోస్తిల్ ముద్ర వేయించుకున్నాకే అనువాదం మొదలుపెట్టండి, ఆ ముద్రలోని మాటల్నీ దించాలి.

పద్మజ: అక్కా, డిప్లొమా చిక్కు తీరింది. మరి ‘సొస్పేసో’?

రవికిరణ్: అది మన సప్లిమెంటరీయే కదా? ఫెయిలయ్యారు, మళ్లీ రాశారు, పాసయ్యారు.

సుభద్ర: దగ్గరికొచ్చారు. కానీ సప్లిమెంటరీకి ముందు ‘ఫెయిల్’ అన్న ఫలితం వచ్చేసి ఉంటుంది. ఇక్కడ జూన్‌లో ఫలితమే ప్రకటించరు. వేసవిలో చదువుకొమ్మంటారు, కొత్త బడి ఏడాది మొదలయ్యేలోపు మళ్లీ పరీక్ష పెట్టి, పై తరగతికి పంపాలో వద్దో అప్పుడు తేలుస్తారు. అమ్మాయి పజెల్లాలో ఇంకో వరస ఉండాలి, చూడండి.

పద్మజ: ఉంది! సెప్టెంబరు తేదీతో లెక్కలు 6, ‘అమ్మెస్సా’ అని, అంటే పై తరగతికి పంపారని. నేను దాన్ని వేరే కాగితం అనుకుని పక్కన పెట్టాను.

సుభద్ర: అదే ముఖ్యం. రెండూ ఒకేచోట కనిపించాలి. మొదటిది ఒక్కటే వెళితే అమ్మాయి లెక్కల్లో తప్పినట్టే ఉంటుంది.

లక్ష్మి: ‘సస్పెండ్’ అన్న మాట మాత్రం రానివ్వకండి. మన వాళ్లకి అది క్రమశిక్షణ చర్య. బడిలోంచి పంపించేశారనుకుంటారు.

సుభద్ర: నేను ‘ఫలితం వాయిదా’ అనే అర్థంలో రాస్తాను. కానీ మూలంలో ఉన్న మాటని మెత్తబరచకూడదని పట్టుబట్టే తోటి అనువాదకులు ఉన్నారు, వాళ్లు మాటకి మాట దించి వివరణలో సరిచేస్తారు. వాళ్ల వాదనలోనూ బలం ఉంది. ప్రమాణం చేసి సంతకం పెట్టే అనువాదంలో మనం ఏమీ దాచలేదని కనపడాలి.

శేషగిరిరావు: వాయిదా అంటే కోర్టు గుర్తొస్తుంది. ‘నిర్ణయం పెండింగ్’ అనొచ్చుగా? తాలూకాఫీసులో కూడా అర్థమయ్యే మాట.

పద్మజ: బాబాయిగారూ, ఇంగ్లీషులోనూ ‘పెండింగ్’ సరిగ్గా కూర్చుంటుంది! అదే రాసి, ఇటాలియన్ మాట పక్కన ఉంచుతున్నాను. లెక్కలు 5, తరవాత 6, రెండు తేదీలూ ఒకే పట్టికలో.

సుభద్ర: నేనైతే ఇంకా ‘వాయిదా’ వైపే. పెండింగ్ అంటే బడి వాళ్లే ఆలస్యం చేశారనిపిస్తుంది. సంతకం మీది, మీకు తోచినట్టు చెయ్యండి.