మంద మొత్తాన్ని ఒకేసారి ఎదకు తెప్పించే హార్మోన్ సూదులు: వేయించవచ్చా, వద్దా?

గుడివాడ రైతు: మా దొడ్డిలో 7 సంకరజాతి హెచ్.ఎఫ్. ఆవులు, 4 ముర్రా గేదెలు ఉన్నాయి. ఈని మూడు నెలలు దాటినా సగం పశువులు ఎదకు వచ్చినట్టు కనబడటం లేదు. అన్నింటికీ ఒకేరోజు హార్మోన్ సూదులు మొదలుపెట్టి, ఒకేరోజు కృత్రిమ గర్భధారణ చేయించమని ఒకరు సలహా ఇచ్చారు. చేయించవచ్చా?

పాత పాడి: అన్నింటికీ ఎందుకండీ? ఎదకు వచ్చే పశువుకు సూది వేయడమంటే డబ్బు నేలపాలు చేయడమే. ఎదకు రాని వాటిని మాత్రమే విడదీసి, ప్రోస్టాగ్లాండిన్ సూది ఒకటి వేయించండి. మూడు నాలుగు రోజుల్లో ఎద కనిపిస్తుంది. కనిపించకపోతే 11 రోజుల తర్వాత రెండో సూది వేయించండి. నేను ఇరవై ఏళ్లుగా ఇదే పద్ధతి పాటిస్తున్నాను.

పాలకేంద్రం: దయచేసి ఈ సూదుల జోలికి వెళ్లకండి. పాలు దించడానికి రోజూ సూది పొడిచే దొడ్ల వల్లనే వినియోగదారులకు మన పాల మీద నమ్మకం పోయింది.

గ్రామ పశువైద్యుడు: పాలకేంద్రం గారు చెబుతున్నది ఆక్సిటోసిన్ గురించి. పాలు చేపడానికి దానిని పూటపూటా వాడటం తప్పే, కానీ ఇక్కడి ప్రశ్న దానికి సంబంధించినది కాదు. ఎద కోసం వాడే మందులు ఒక విడతలో రెండు మూడు సార్లు మాత్రమే పడతాయి, వేసిన కొద్ది గంటల్లోనే పశువు శరీరం వాటిని విరిచేస్తుంది.

పాత పాడి గారి మాటలో సగం నిజం ఉంది, మిగిలిన సగమే చాలామందిని దారి తప్పిస్తున్నది. ప్రోస్టాగ్లాండిన్ చేసే పని ఒక్కటే: అండాశయం మీద ఉన్న కార్పస్ లూటియాన్ని కరిగించడం. అండం విడుదలైన చోట ఏర్పడే ఆ పసుపు ముద్ద కరిగినప్పుడే పశువు ఎదకు వస్తుంది. అది ఉన్నదంటే పశువు లోపల తిరుగుతూనే ఉన్నదని, మనకు ఎద కనబడలేదంతేనని అర్థం. అసలు అండాశయాలే నునుపుగా, పని చేయకుండా ఉన్న పశువులో కరగడానికి ఏమీ ఉండదు కనుక ఎన్ని సూదులు వేసినా ఫలితం రాదు. ఎద అయిన మొదటి 5 రోజుల్లో, అంటే ముద్ద ఇంకా లేతగా ఉన్నప్పుడు కూడా ఆ మందు పని చేయదు. అందువల్లనే రెండో సూదిని 11 రోజుల తర్వాత పెడతారు. పాత పాడి గారు "ఎదకు రాని పశువులు" అంటున్న గుంపులో నిజానికి రెండు రకాలున్నాయి: ఎదకు వస్తున్నా మన కంట పడనివి, అసలే రానివి. ఆయన మందు మొదటి రకానికే పనికొస్తుంది.

మీకు సలహా ఇచ్చినవారు బహుశా ఓవ్‌సింక్ అనే పద్ధతి గురించి చెప్పి ఉంటారు. 1995లో విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు ప్రచురించిన ఈ పద్ధతిలో ఎదను కనిపెట్టనవసరం లేదు, గడియారం చూసి గర్భధారణ చేయవచ్చు. ఒక సోమవారం ఉదయం 8 గంటలకు, అండం విడుదల చేయించే బుసెరెలిన్ అనే హార్మోన్ 10 మైక్రోగ్రాములు ఇస్తారు. వచ్చే సోమవారం ఉదయం 8 గంటలకు క్లోప్రోస్టినాల్ అనే ప్రోస్టాగ్లాండిన్ 500 మైక్రోగ్రాములు. అక్కడి నుంచి 56 గంటలకు, అంటే బుధవారం సాయంత్రం 4 గంటలకు మళ్లీ బుసెరెలిన్. గురువారం ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 12 లోపు గర్భధారణ. ఈ మధ్యలో ఏ పశువైనా తీగలు వేసి, మరో పశువు ఎక్కినా కదలకుండా నిలబడితే, దానికి మిగతా సూదులు ఆపి ఆ ఎద ప్రకారమే గర్భధారణ చేయించాలి. గురువారం దాకా ఆగితే అప్పటికే అండం పోయి ఉంటుంది.

దీనివల్ల చూడి కట్టే శాతం పెరుగుతుందని అనుకోవద్దు. ఉదాహరణకు మీ పశువుల్లో పది అన్నివిధాలా అర్హమైనవే అనుకుందాం. 21 రోజుల్లో మీరు ఎదను సగం పశువుల్లోనే పట్టగలిగితే 5 పశువులకు గర్భధారణ జరుగుతుంది, వాటిలో నూటికి 40 చొప్పున 2 చూడి కడతాయి. ఓవ్‌సింక్‌లో పదికి పదీ గర్భధారణ పొందుతాయి, నూటికి 30 నుంచి 35 చొప్పున 3 నిలుస్తాయి. ఒక్కొక్క పశువు లెక్కలో ఫలితం కాస్త తగ్గింది, మంద లెక్కలో పెరిగింది. కాబట్టి మీరు ఇప్పటికే ఎదను పదింట ఎనిమిదిటిలో పట్టగలుగుతుంటే ఈ ఖర్చు దండగ.

చిత్తూరు పాలేరు: నేను రెండేళ్ల క్రితం సరిగ్గా ఇదే చేయించి నష్టపోయాను కనుక వివరంగా రాస్తున్నాను. పది ఆవులకు ఒకే సోమవారం మొదలుపెట్టించాము. నా పుస్తకంలో పదీ ఖాళీ అని రాసి ఉంది, చూడి పరీక్ష చేయిద్దామంటే సూదులు వేయడానికి వచ్చినవారు అవసరం లేదన్నారు. ప్రోస్టాగ్లాండిన్ పడిన నాలుగో రోజున ఒక ఆవు దాదాపు మూడు నెలల పిండాన్ని ఈడ్చేసింది. మాయ పడలేదు, పది రోజులు జ్వరం, పాలు సగానికి పడిపోయాయి. మేతకు వదిలినప్పుడు పక్క పొలం ఎద్దు దాటిన సంగతి మాకు తెలియలేదు.

గర్భధారణ రోజున మరో పొరపాటు జరిగింది. తొమ్మిది ఆవులకు కావలసిన వీర్యపు స్ట్రాలన్నింటినీ ఒకేసారి గోరువెచ్చని నీటిలో వేశారు. ఆఖరి ఆవు దగ్గరికి వచ్చేసరికి నలభై నిమిషాలు దాటింది. చివరికి మూడు ఆవులే చూడి కట్టాయి, మూడూ మొదట చేసిన అయిదింటిలోనివే. అందుచేత సూదుల కంటే ఆ స్ట్రాల వల్లనే నాకు ఎక్కువ నష్టం జరిగిందని నా నమ్మకం.

గ్రామ పశువైద్యుడు: తొమ్మిదింటిలో మూడు అంటే ఈ పద్ధతిలో మామూలుగా వచ్చే ఫలితమే. కాబట్టి స్ట్రాల మీద పూర్తి నేరం మోపడానికి మీ లెక్క సరిపోదు. అయినా పద్ధతి మాత్రం తప్పే. 37 డిగ్రీల నీటిలో 30 సెకన్లు ఉంచిన స్ట్రాను పది పదిహేను నిమిషాల్లో వాడేయాలి, రెండు మూడింటికి మించి ఒకేసారి కరిగించకూడదు. ఒకే మనిషి ఒకే ఉదయం పది పశువులకు చేయవలసి రావడం ఈ పద్ధతిలోనే ఉన్న ఒత్తిడి, దానిని ఎవరూ ముందుగా లెక్కలోకి తీసుకోరు.

గర్భస్రావం విషయంలో సాకు లేదు. మొదటి అయిదు నెలల చూడిని ప్రోస్టాగ్లాండిన్ నమ్మకంగా పోగొడుతుంది. రైతు పుస్తకం ఎంత శుభ్రంగా ఉన్నా, చేయి పెట్టి చూడకుండా ఆ సూది వేయకూడదు. గర్భధారణ జరిగి నెల కూడా కాని పశువులో చూడి చేతికి అందదు కనుక, ఇటీవల గర్భధారణ చేయించిన పశువును గుంపులోనే చేర్చకూడదు.

పాత పాడి: డాక్టరు గారు చెప్పిన రెండు రకాల తేడాను అంగీకరిస్తున్నాను. కానీ పది పశువులున్న రైతుకు ఈ తంతు అంతా అవసరమా అన్నది నా సందేహం. తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి పడుకునే ముందు ఇరవై నిమిషాల చొప్పున దొడ్డిలో నిలబడి చూస్తే ఆవుల్లో చాలా ఎదలు దొరుకుతాయి. సూదికి పెట్టే డబ్బును దాణాలో, ఖనిజ లవణ మిశ్రమంలో పెడితే అసలు ఎదకు రాని పశువు కూడా తిరుగుతుంది.

రెండు పూటల పని: నిలబడి చూసే సమయం ఎవరికి ఉందండీ? మా ఇంట్లో పాలు పిండటం, పేడ తీయడం, గడ్డి కోయడం అన్నీ నేనూ మా అత్తగారూ చేసుకుంటాము. గేదె రాత్రి రెండు గంటలకు అరవకుండా ఎదకు వచ్చి పోతే దానిని ఎవరు చూస్తారు? మాకు ఓవ్‌సింక్ వల్ల మూడు గేదెలు చూడి కట్టాయి, మార్గశిరంలో చేయించాము. అయితే ఒక మాట ఎవరూ చెప్పడం లేదు. ఆ ప్రోస్టాగ్లాండిన్ మందు చర్మం గుండా లోపలికి పోతుందని, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవారు ఆ సీసాను ముట్టుకోకూడదని మాకు సూదులు వేసిన డాక్టరు గారు చెప్పారు. అప్పుడు మా తోడికోడలు నాలుగో నెల, పశువులను పట్టుకునేది ఆమే. ఆ రోజు ఆమెను దొడ్డిలోకి రానివ్వలేదు.

గ్రామ పశువైద్యుడు: మీరు మార్గశిరంలో చేయించడం కూడా కలిసివచ్చింది. ముర్రా గేదె పగలు తగ్గే కాలంలో బాగా తిరుగుతుంది, ఎండాకాలంలో చాలావాటి అండాశయాలు నిద్రపోతాయి. గుడివాడ రైతు గారు మార్చిలో అడుగుతున్నారు కనుక గేదెల విషయంలో నా జవాబు ఆవుల జవాబు కంటే మెత్తగా ఉంటుంది. పాత పాడి గారి దాణా మాటను నేను కాదనను. పక్కటెముకలు, తుంటి ఎముకలు పొడుచుకొచ్చిన పశువుకు హార్మోన్ వేయడం నా దృష్టిలో కూడా దండగే. రెండు పూటల పని గారిలా మనుషులు చాలని ఇంట్లో మాత్రం, లోపల తిరుగుతున్న పశువుకు సూది ఖర్చు నిలబడుతుంది.

గుడివాడ రైతు: మా మండల డాక్టరు గారిని పిలిపించి 11 పశువులనూ చూపించాను, అండాశయాలు నునుపుగా ఉన్నవాటిని 10 రోజుల తర్వాత మళ్లీ చూశారు. ఒక ఆవు రెండున్నర నెలల చూడితో ఉంది! మేము దానిని ఖాళీ లెక్కలో పెట్టాము. నాలుగు ఆవులకు కార్పస్ లూటియం ఉంది. ఒక ఆవుకు గర్భసంచిలో చీము ఉందని మొదట దానికి వైద్యం చేస్తామన్నారు. ఒక ఆవు బాగా చిక్కిపోయి ఉంది, దాని అండాశయాలు రెండుసార్లూ నునుపుగానే ఉన్నాయి. గేదెల్లో రెండు తిరుగుతున్నాయి, రెండు నునుపు. అంటే నేను ఒకేరోజు మొదలుపెట్టవలసింది పదకొండు కాదు, ఆరు. ఆ రెండు నునుపు గేదెలకు యోనిలో పెట్టే ప్రొజెస్టిరాన్ పరికరం వేయిద్దామా, వానలు పడేదాకా ఆగుదామా?

గ్రామ పశువైద్యుడు: వాటి కండ బాగుంటే పరికరం ఏడు రోజులు ఉంచి, తీసేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్, అవసరమైతే మరో హార్మోన్ కలిపి ప్రయత్నించవచ్చు. కొన్ని గేదెలు వేసవిలో కూడా అలా కదులుతాయి. ఉదయం సాయంత్రం నీళ్లు పోసి, నీడ ఇవ్వగలిగితేనే చేయించండి. పరికరం పెట్టేటప్పుడు చేతి శుభ్రత లేకపోతే తీసేనాటికి చీము కనబడుతుంది. తీసినప్పుడు కొద్దిగా తెల్లని జిగురు ఉండటం మామూలే, వాసన వస్తే మాత్రం ఆ విడతలో గర్భధారణ చేయించవద్దు.

ఆ ఆరింటికి గర్భధారణ జరిగిన 18వ రోజు నుంచి 24వ రోజు దాకా మాత్రం మీరు పాత పాడి గారి మాట వినవలసిందే. నిలవని పశువులు చాలావరకు ఆ వారంలోనే తిరిగి ఎదకు వస్తాయి. అప్పుడు పట్టుకుంటే సూది అవసరం లేకుండానే రెండో గర్భధారణ జరుగుతుంది.

పాత పాడి: ఆ ఒక్క వారం నిలబడగలిగినవారు మిగతా వారాలు ఎందుకు నిలబడలేరన్నదే నా ప్రశ్న. గేదెల విషయంలో నేనైతే శ్రావణం దాకా ఆగుతాను.

రెండు పూటల పని: శ్రావణం దాకా ఆ రెండు గేదెల గడ్డి ఖర్చు ఎంతో కూడా లెక్క వేసి చెప్పండి.