అప్‌డేట్: మూడు సెక్షన్ల సగటులనుంచి పాఠశాల సగటు

నా పాత ప్రశ్న: "కడప దగ్గరి మా పాఠశాలలో పదో తరగతి మూడు సెక్షన్ల గణితం సగటులు 61.5, 58, 82. కూడి మూడుతో భాగిస్తే 67.17 వస్తోంది. హెచ్.ఎం. గారు ఇది తప్పంటున్నారు, ఎందుకు?"

సమాధానమిచ్చిన వారందరికీ ధన్యవాదాలు. సి సెక్షన్‌లో ఉన్నది 20 మందే అయినా, 52 మంది ఉన్న ఎ సెక్షన్‌తో సమానంగా లెక్కించినందువల్లే సగటు అంత పైకి పోయింది. మీరు చెప్పినట్లు ప్రతి సగటునూ ఆ సెక్షన్ సంఖ్యతో హెచ్చించి, వచ్చిన 3198, 2784, 1640లను కూడి, మొత్తం 7622ను 120తో భాగిస్తే 63.52 వచ్చింది.

అయితే సరిచూసుకోవడానికి మార్కుల రిజిస్టరులోని మార్కులన్నీ నేరుగా కూడితే 7448 మాత్రమే తేలింది. తేడా 174, అంటే సరిగ్గా మూడు 58లు. అది చూడగానే విషయం బోధపడింది. బి సెక్షన్ హాజరుపట్టీలో 48 మంది ఉన్నా పరీక్ష రాసింది 45 మందే, టీచరు సగటు కట్టింది ఆ 45 మందికే. నేనేమో రాయని ముగ్గురికీ తలా 58 మార్కులు వేసేశాను! హెచ్చించవలసింది సగటు కట్టినప్పుడు భాగించిన సంఖ్యతోనే కాబట్టి, 7448ను 117తో భాగించి 63.66 అని నివేదికలో రాశాను.

ఎక్సెల్‌లో సగటులు B లోనూ, రాసినవారి సంఖ్యలు C లోనూ ఉంచి వాడిన సూత్రం:

```
=SUMPRODUCT(B2:B4,C2:C4)/SUM(C2:C4)
```