చర్చ: 0.1 + 0.2 అంటే 0.3 కాదా? డబ్బు లెక్కకి ఫ్లోట్ వాడొచ్చా?

కొత్తకోడర్_బ్రాడీపేట

పైథాన్ మొదలుపెట్టి మూడు వారాలైంది. 0.1 + 0.2 కొడితే 0.30000000000000004 అని వస్తోంది. 0.3 తో సమానమా అని అడిగితే False అంటోంది. కంప్యూటర్‌కి ఇంత చిన్న కూడిక కూడా రాదా? దీన్ని నమ్మి షాపు బిల్లు లెక్కలు వేయొచ్చా?

గవర్నర్‌పేట_గోపి

ఇది పైథాన్ జబ్బు తమ్ముడూ. కంప్యూటర్ అంతా బైనరీ కదా, పైథాన్ దాన్ని సరిగ్గా మార్చుకోలేదు. సి లో `printf("%f")` పెట్టి చూడు, శుభ్రంగా 0.300000 వస్తుంది. ముందు సి నేర్చుకో, తర్వాత పైథాన్ చూద్దువుగాని.

లెక్కల_మాస్టారు

గోపి గారూ, కారణం బైనరీయే అన్నంతవరకు ఒప్పుకుంటాను. సి కి ఆ జబ్బు లేదన్నది మాత్రం తప్పు. `%f` ఆరు అంకెల దగ్గర ఆపేస్తుంది కాబట్టి మురికి కనపడలేదంతే. ఇలా అడగండి:

```
printf("%.17f\n", 0.1 + 0.2);
```

అదే 0.30000000000000004 వస్తుంది. సి లోని `double`, పైథాన్ `float`, జావాస్క్రిప్ట్ నంబరు, మూడూ 1985లో వచ్చిన IEEE 754 పద్ధతిలో దాచే ఒకే రకం సంఖ్య. భాష మార్చినంత మాత్రాన లోపల ఉన్నది మారదు.

ఇక బ్రాడీపేట అబ్బాయికి. మన పెద్దవాళ్ళ కొలతలు గుర్తు తెచ్చుకోండి: అర, పావు, అరపావు, వీసం. వీసం అంటే పదహారో వంతు. ప్రతిదీ ముందుదానిలో సగం. కంప్యూటర్ దగ్గర ఉన్న తూకపురాళ్ళు అవే, ఇంకా చిన్నవి అదే వరసలో కిందికి వెళ్తాయి. పదో వంతుకి రాయి లేదు. కాబట్టి 0.1 తూచాలంటే ఉన్న రాళ్ళతోనే పేర్చుకోవాలి.

అర, పావు, అరపావు మూడూ ఎక్కువైపోతాయి. వీసం వేద్దాం, 0.0625. దానిమీద అరవీసం, 0.03125. మొత్తం 0.09375 అయింది. ఇంకా కావలసింది 0.00625. ఈ మిగులుని ఒకసారి పరకాయించి చూడండి: అది సరిగ్గా 0.1 లో పదహారో వంతు! అంటే మనం మొదలుపెట్టిన లెక్కే, పదహారు రెట్లు చిన్నదై మళ్ళీ ముందుకొచ్చింది. మళ్ళీ రెండు రాళ్ళు వేస్తాం, మళ్ళీ అదే మిగులు, ఇంకో పదహారు రెట్లు చిన్నదిగా. ఇది ఎప్పటికీ తెగదు.

యంత్రం ఎప్పటికీ పేర్చుకుంటూ కూర్చోలేదు. మొదటి రాయి దగ్గర్నుంచి 53 స్థానాలు లెక్కపెట్టి అక్కడ ఆపి, దగ్గర్లో ఉన్నదానికి సరిచేస్తుంది. 0.1 విషయంలో అది కాస్త పైకి సరిచేయాల్సి వచ్చింది. నిజంగా లోపల ఏముందో చూడాలంటే:

```
from decimal import Decimal
print(Decimal(0.1))
# 0.1000000000000000055511151231257827021181583404541015625
```

మరి మామూలుగా `print(0.1)` అంటే 0.1 అనే ఎందుకు వస్తుంది? తిరిగి చదివితే సరిగ్గా అదే సంఖ్య దొరికే అతి పొట్టి రాత ఏదో దాన్ని పైథాన్ చూపిస్తుంది. అది మర్యాద కోసం చేసిన పని. లోపలి నిజం అది కాదు.

కొత్తకోడర్_బ్రాడీపేట

వీసం లెక్క కాగితం మీద వేసి చూశాను మాస్టారూ, నిజంగానే తిరిగి తిరిగి అక్కడికే వస్తోంది. కానీ 0.1 + 0.3 కొడితే 0.4 సరిగ్గా వచ్చింది, పోల్చినా True. 0.1 లో తేడా ఉన్నప్పుడు ఇక్కడా చెడిపోవాలి కదా?

లెక్కల_మాస్టారు

మంచి చోట పట్టుకున్నావు. అది అదృష్టం.

0.3 చుట్టుపక్కల యంత్రం రాయగలిగిన సంఖ్యలు మైలురాళ్ళలా సమాన దూరంలో ఉంటాయి. ఒక రాయికీ పక్కదానికీ మధ్య దూరం సుమారు 0.0000000000000000555. కూడిక ఫలితం ఆ రాళ్ళలో ఏదో ఒకదాని మీద నిలబడి తీరాలి, మధ్యలో నిలబడటానికి చోటు లేదు.

0.1, 0.2 ల లోపలి అసలు విలువలు కలిపితే వచ్చేది రెండు రాళ్ళకి సరిగ్గా నట్టనడుమ పడుతుంది. ఒక పక్క మనం 0.3 అని టైపు చేస్తే దొరికే రాయి, రెండో పక్క దాని తర్వాతది. తగువు సమంగా ఉన్నప్పుడు, చివరి బిట్ సున్నాగా ఉన్న వైపు వెళ్ళు అని నియమం. 0.3 రాయికి చివరి బిట్ 1. కాబట్టి ఫలితం పక్క రాయికి పోయింది, దాన్నే 0.30000000000000004 అని చూపిస్తోంది.

0.1 + 0.3 కూడా సరిగ్గా నడుమే పడుతుంది. కానీ 0.4 రాయికి చివరి బిట్ 0. ఈసారి తీర్పు మన వైపు వచ్చింది. `(0.1).hex()`, `(0.3).hex()`, `(0.4).hex()` కొట్టి p కి ముందున్న అక్షరం చూడు: a, 3, a. 3 బేసి, a అంటే పది, సరి.

ఎక్సెల్_రమణ

మీరంతా అనవసరంగా బుర్ర పాడుచేసుకుంటున్నారు. ఎక్సెల్‌లో `=0.1+0.2=0.3` పెడితే TRUE వస్తోంది. ఫార్మాట్ సెల్స్‌లో రెండు దశాంశాలు పెట్టుకుంటే సరి, అయిపోయింది.

లెక్కల_మాస్టారు

రమణ గారూ, రెండు దశాంశాలు పెడితే మారేది కనిపించే ముఖమే, సెల్ లోపలి సంఖ్య కాదు. ఎక్సెల్ 15 అంకెలు మాత్రమే చూపిస్తుంది, కొన్ని చోట్ల చిన్న తేడాని తనే తుడిచేస్తుంది. `=1*(0.5-0.4-0.1)` పెట్టి చూడండి. సున్నాకి బదులు -2.77556E-17 వస్తుంది.

కారం_ప్యాకింగ్

మాకు గుంటూరులో కారం ప్యాకింగ్. వంద గ్రాముల ప్యాకెట్లు, పెట్టెకి కిలో. మా వాళ్ళు రాసింది ఇదీ, ఆగకుండా తిరుగుతూనే ఉంది. యంత్రం తూకం తప్పా అని కాటా వాళ్ళని కూడా పిలిచాం.

```
box = 0.0
while box != 1.0:
    box += 0.1
```

లెక్కల_మాస్టారు

కాటా వాళ్ళని వదిలేయండి, పాపం. పదో ప్యాకెట్ తర్వాత `box` లో ఉండేది 0.9999999999999999. అది 1.0 కాదు కాబట్టి ఇంకోటి వేస్తుంది, 1.0999999999999999 అవుతుంది. 1.0 ని దాటేశాక ఇక ఆగేదెక్కడ? `<` పెట్టినా పదకొండో ప్యాకెట్ పడుతుంది, అది ఇంకా దొంగ తప్పు, ఎందుకంటే ప్రోగ్రామ్ ఆగిపోతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. గ్రాముల్లో లెక్కపెట్టండి: 100, 200, 300 అలా 1000 వరకు. పూర్ణాంకాల కూడికలో ఈ పేచీ లేదు.

దీప_డెసిమల్

గ్రాములూ పైసలూ అని మార్చుకోవడం ఎందుకండీ? పైథాన్‌లో `Decimal` ఉంది కదా. పదుల రాళ్ళతోనే తూస్తుంది. `Decimal('0.1') + Decimal('0.2') == Decimal('0.3')` అంటే True. ఇక ఏ బాధా లేదు.

బెంజిసర్కిల్_బ్యాకెండ్

ఏ బాధా లేదనకండి దీప గారూ. `Decimal(1) / Decimal(3) * 3` చేయండి, 1 రాదు, 0 తర్వాత ఇరవై ఎనిమిది తొమ్మిదులు వస్తాయి. పదుల రాళ్ళతో మూడో వంతు తెగదు, అంతే తేడా. నా పద్ధతి: డబ్బంతా పైసల్లో, పూర్ణాంకంగా. డేటాబేస్‌లోనూ అదే.

దీప_డెసిమల్

మూడో వంతు సంగతి ఒప్పుకున్నాను. కానీ పైసల్లో దాచితే లీటరు ధరని 3.275 లీటర్లతో గుణించినప్పుడు ఏం చేస్తారు? పైసలో వెయ్యో వంతు దాకా వస్తుంది. అప్పుడు స్కేలు మీరే మోయాలి, ఒకచోట వందతో భాగించడం మర్చిపోతే బిల్లు వంద రెట్లు అవుతుంది.

పాత_అణా

కుర్రాళ్ళు కొత్త గొడవ అనుకుంటున్నారు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు బజారులో జరిగింది ఇదే. రూపాయికి పదహారు అణాలు, అంటే వీసాల లెక్క. రూపాయికి వంద పైసలు, అంటే పదుల లెక్క. అణా అంటే 6.25 పైసలు, పావుపైసా నాణెం లేదు కాబట్టి అణాకి 6 ఇచ్చారు. మూడు అణాలకి 18.75 కదా, 19 ఇచ్చారు. ఒక్కొక్క అణా చొప్పున మూడుసార్లు మారిస్తే 18, మూడూ కలిపి మారిస్తే 19. ఎప్పుడు సరిచేస్తారన్నదే జవాబుని మార్చేస్తుంది. మీ పైసలకైనా డెసిమల్‌కైనా ఆ ప్రశ్న తప్పదు.

లెక్కల_మాస్టారు

అణా గారు అసలు చోట వేలు పెట్టారు. బిల్లులో ప్రతి వరసకీ పన్ను సరిచేసి కూడతారా, కూడాక ఒకసారి సరిచేస్తారా? ఇది ముందు తేల్చుకుని అంతటా ఒకేలా పాటించాలి. నా మట్టుకు దాచేది పైసల్లో, రేటూ పన్నూ గుణించేది `Decimal` లో. ఫ్లోట్ కాటా రీడింగులకీ ఉష్ణోగ్రతలకీ గ్రాఫులకీ హాయిగా సరిపోతుంది. అక్కడ కొలతలోనే వెయ్యో వంతు తేడా ఉంటుంది, పదహారో అంకె గురించి ఎవరికి పట్టింది? కాకపోతే అక్కడ `==` వాడొద్దు, `math.isclose` వాడండి. అదీ సున్నాతో పోల్చేటప్పుడు `abs_tol` ఇవ్వకపోతే పనిచేయదు, ఎందుకంటే దాని సహజ కొలత సంఖ్య పరిమాణంలో వంతుగా ఉంటుంది, సున్నాలో వంతు సున్నాయే.

బెంజిసర్కిల్_బ్యాకెండ్

రెండు రకాలు కలిపితే ఎవడో ఒకడు మధ్యలో ఫ్లోట్ దూరుస్తాడు. నేను ఒప్పుకోను. అంతా పైసలే.

కొత్తకోడర్_బ్రాడీపేట

మాస్టారు చెప్పినట్టు చేశాను. ముందు `int(19.99 * 100)` అంటే 1998 వచ్చేది, ఒక పైసా పోయేది. ఇప్పుడు ఇలా రాశాను, అయినా 1998 వస్తోంది!

```
int(Decimal(19.99) * 100)
```

దీప_డెసిమల్

కోట్స్ పెట్టు తమ్ముడూ. `Decimal(19.99)` అంటే ముందే ఫ్లోట్‌గా చెడిపోయిన సంఖ్యని దాని లోపంతో సహా తెచ్చుకోవడమే. `Decimal('19.99')` అను, 1999 వస్తుంది.

బెంజిసర్కిల్_బ్యాకెండ్

చూశారా? దూర్చాడు.