ఒక్క దెబ్బకి తొమ్మిది లేయర్లా?

స్వాతి_డాబా
18 సెకన్ల 2డి యానిమేషన్, సెకనుకి 24 ఫ్రేములు. డాబా మీద ఇద్దరు కొట్టుకుంటారు, చివర్లో ఒకడు గుద్దు తిని వెళ్ళి రేకు తలుపు మీద పడతాడు. ఆ ఒక్క దెబ్బకే తొమ్మిది సౌండ్ లేయర్లు పెట్టాను. అయినా దిండు మీద కొట్టినట్టే ఉంది. ఇంకా పెంచాలా, తగ్గించాలా?

మైకుబాబు
పెంచాలి. తొమ్మిదిలో బేస్ ఎంతుంది? 50, 60 హెర్ట్జ్ దగ్గర ఇంకో రెండు బూమ్‌లు వేసి, మొత్తం మీద లిమిటర్ గట్టిగా నొక్కండి. యాక్షన్ అంటే గుండె అదరాలి కదా.

పాతటేపు
బూమ్ కావాలన్న మాట నిజమే బాబూ, రెండు కావాలన్నదే తప్పు. ఒకే చోట రెండు బూమ్‌లు పడితే ఒకటి పైకి లేస్తున్నప్పుడు ఇంకోటి కిందికి దిగొచ్చు. అప్పుడు రెండూ కలిసి ఒక్కదానికన్నా పలచబడతాయి. ఇక లిమిటర్ నొక్కితే ముందు పోయేది దెబ్బ మొదట్లో ఉండే చురుకే.

స్వాతి గారూ, టైమ్‌లైన్‌ని బాగా దగ్గరకి లాగి చూడండి. ప్రతి లేయర్ మొదట్లో ముల్లులా లేచే చోటు ఒకటుంటుంది. లైబ్రరీ ఫైళ్ళలో దాని ముందు కాస్త ఖాళీ ఉంటుంది, ఒక్కోదాంట్లో ఒక్కోలా. ఫైళ్ళన్నీ ఒకే ఫ్రేముకి అంటించినా ముళ్ళు కలవవు. ఒక ఫ్రేమంటేనే దాదాపు 42 మిల్లీసెకన్లు, అందులో 20 అటూ ఇటూ అయితే చాలు, దెబ్బ పరుచుకుపోతుంది. మీ దిండు అదే అనుకుంటా. ఫ్రేము స్నాప్ తీసేసి ముల్లుకి ముల్లు కలపండి.

తర్వాత ఒక్కోదాన్నీ మ్యూట్ చేస్తూ వినండి. తీసేసినా తేడా తెలియకపోతే అది అనవసరం. నా చేతిలో సాధారణంగా నాలుగు మిగులుతాయి. చురుక్కి తడి తువ్వాలు గచ్చు మీద కొట్టింది, ఒంటికి బియ్యం బస్తా మీద గుద్దింది, అడుగున ఒకే ఒక్క బూమ్, చివర రేకు. బూమ్‌కి తప్ప మిగతా మూడింటికీ 100 హెర్ట్జ్ కింద కోసేస్తాను. రేకుని మాత్రం కావాలనే రెండు ఫ్రేములు ఆలస్యంగా పెడతాను. లేకపోతే దాని మోతలో తువ్వాలు మునిగిపోతుంది.

మైకుబాబు
నా షార్ట్‌లో ఒక దెబ్బకి 14 ఉన్నాయి. హాల్లో వేస్తే కుర్చీలు ఊగాయి. లెక్క చూసి తీసెయ్యమంటే ఒప్పుకోను.

పాతటేపు
ముళ్ళు కలిసుంటే 14 అయినా నాకు అభ్యంతరం లేదు. అవి కలిపే ఓపిక నాకు లేదంతే.

గోదారి_పిల్ల
దెబ్బల సంగతి నాకు తెలీదు, డాబా అన్నారు కాబట్టి చెప్తున్నా. మేమూ డాబా సీన్ చేశాం. యానిమేషన్‌కి లొకేషన్ సౌండ్ ఉండదు కదా, మా మేడ మీదే తెల్లవారుజామున రికార్డ్ చేశాను. గుడి మైకు పడని చోటు ఎనిమిది సెకన్లే దొరికింది, దాన్నే లూప్ చేశాను. చూసినవాళ్ళంతా అడిగింది ఒకటే, ఆ పావురం ఎనిమిది సెకన్లకోసారి ఎందుకు కూస్తోందని!

పాతటేపు
తల్లీ, నీ పావురం ఈ దెబ్బకీ పనికొస్తుంది. గాలి, దూరపు ట్రాఫిక్ ఒక ట్రాక్‌లో పరుపులా ఉంచి, పావురం, కుక్కర్ కూత లాంటివి వేరే ట్రాక్‌లో విడివిడిగా పెట్టుకోవాలి. దెబ్బకి మూడు నాలుగు ఫ్రేముల ముందు ఆ పరుపుని బాగా తగ్గించి, తగిలాక మెల్లగా పైకి తేవాలి. చెయ్యి విసిరే హుష్ కూడా తగిలేలోపే ఆగిపోవాలి. ముందు కాస్త ఖాళీ దొరికితే అదే దెబ్బ పెద్దదిగా వినిపిస్తుంది.

కిరణ్_గీతలు
గీసేవాడిగా ఒక మాట. అసలు తగిలే ఫ్రేము మేం చాలాసార్లు గియ్యం. చెయ్యి సాగిన మసక బొమ్మ ఒకటి, ఆ వెంటనే మొహం తిరిగిపోయిన బొమ్మ. సౌండ్ ఆ రెండో బొమ్మ మొదటి ఫ్రేము మీద పడాలి. ముందే పడితే తగలకుండానే మోగినట్టుంటుంది.

పాతటేపు
నేను మసక బొమ్మ చివరి ఫ్రేము మీద పెడతాను. హుష్‌కీ దెబ్బకీ మధ్య అతుకు కనపడదు.

కిరణ్_గీతలు
మీరు కళ్ళు మూసుకుని వింటున్నారు సార్, నేను చూస్తున్నాను.

స్వాతి_డాబా
చేసి చూశాను. ముళ్ళలో ఎక్కువ తేడా 31 మిల్లీసెకన్లు! తొమ్మిదిలో ఐదు తీసేశాను, హెడ్‌ఫోన్స్‌లో ఇప్పుడు దెబ్బ తగులుతోంది. కానీ ఫోన్‌లో మళ్ళీ మెత్తగానే ఉంది.

పాతటేపు
ఫోన్ స్పీకర్ మీ బూమ్‌ని పలకలేదు. అక్కడ వినపడేది బియ్యం బస్తానే. దానికి 200 హెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ ఎత్తి, ఫోన్‌లోనే వినండి.

స్వాతి_డాబా
ఎత్తాను, నయం. 311వ ఫ్రేములో ఒకటి, 312లో ఒకటి పెట్టి తమ్ముడికి చూపించాను. 312 అన్నాడు. అమ్మ 311 అంది. రెండూ దాచి ఉంచా.