20 క్లిక్కులు, 28 క్లిక్కులు: పులుసు దాక గెలిచినట్టేనా?

మైపాడు రోడ్డు: చేపల పులుసు వీడియోకి రెండు థంబ్‌నెయిల్స్ చేశాను. ఒకదాంట్లో నా మొహం, ఇంకోదాంట్లో మామిడికాయ ముక్కలు తేలుతున్న మట్టి దాక. రోజు విడిచి రోజు మార్చాను. రెండూ చెరో 400 సార్లు కనిపించాయి, మొహానికి 20 క్లిక్కులు, దాకకి 28. ఇకమీదట అన్ని వీడియోలకీ దాకే పెట్టేయనా?

కావలి: ఇంకేంది ఆలోచన, 5 శాతం ఎక్కడ, 7 ఎక్కడ! కాకపోతే వెయ్యి దాటేదాకా ఆగు, వెయ్యి దాటితే ఏ లెక్కనైనా నమ్మొచ్చు.

పాత లెక్కల మాస్టారు: వెయ్యిలో మహిమేమీ లేదబ్బాయ్. చెరో 400 మందికి ఒకే బొమ్మ చూపించినా ఎనిమిది క్లిక్కుల తేడా అంత అరుదేమీ కాదు, ఇలాంటి పరీక్షలు నాలుగైదు చేస్తే ఒకదాంట్లో వచ్చేస్తుంది. నేను వాడే మోటు లెక్క ఇది: రెండు వైపుల క్లిక్కులూ కలిపితే 48, దాని వర్గమూలం దాదాపు 7, రెట్టింపు చేస్తే 14. తేడా 14 దాటితేనే పట్టించుకుంటాను. రెండూ దాదాపు సమానంగా కనిపించినప్పుడే ఈ లెక్క పనికొస్తుంది. అదే 4,000 సార్లు కనిపించి 200, 280 వచ్చుంటే తేడా 80, దాటాల్సింది 44 మాత్రమే, అప్పుడు నేనే దాక పెట్టమనేవాణ్ణి. ఇంకోటి, రోజూ చూసుకుంటూ ముందున్నప్పుడు ఆపేశావంటే ఈ లెక్క కూడా చెడిపోతుంది. ఎక్కడ ఆపాలో ముందే రాసిపెట్టుకో.

ఒంగోలు పిల్ల: నాకూ ఇదే టెన్షన్. గిత్తల పందెం వీడియోకి రెండో రోజు టైటిల్ మార్చాను, 9 శాతం ఉన్నది 4కి పడింది. వెంటనే పాతది పెట్టేశాను.

పాత లెక్కల మాస్టారు: నీది పరీక్షే కాదమ్మా. మొదటి రోజు ఎక్కువగా చూసేది నీ సబ్‌స్క్రైబర్లు, తర్వాత కొత్తవాళ్ళకి చూపిస్తారు. టైటిల్ మార్చకపోయినా పడేదేమో.

కావలి: ఇంత గోల ఎందుకు, యూట్యూబ్ స్టూడియోలోనే థంబ్‌నెయిల్స్‌ని పోల్చే పరీక్ష ఉందిగా, ఏది గెలిచిందో అదే చెప్తుంది.

పాత లెక్కల మాస్టారు: ఉంది, ఒకే సమయంలో చూపిస్తుంది కాబట్టి మేలే. కానీ అది చూసేది క్లిక్కుల్ని కాదు, ఎంతసేపు చూశారన్నది. నోరూరించే దాక చూసి నొక్కి, పది సెకన్లలో వెళ్ళిపోతే అక్కడ ఓడిపోతుంది. చిన్న ఛానెల్‌కి తేలలేదనే జవాబు కూడా వస్తుంటుంది.

మైపాడు రోడ్డు: మరి 5కీ 7కీ తేడా తేలాలంటే ఎన్నిసార్లు కనిపించాలి సార్?

పాత లెక్కల మాస్టారు: చెరో 2,200 పైమాట.

మైపాడు రోడ్డు: నా వీడియోకి అన్ని రావాలంటే మళ్ళీ మామిడికాయల కాలం వస్తుంది!

పాత లెక్కల మాస్టారు: అయితే పది వీడియోలకి ఇదే మొహం, దాక పోటీ పెట్టి మొత్తం కలిపి చూడు.

ఒంగోలు పిల్ల: కొరమీనుకి దాక బాగుంటుంది సార్, ఉలవచారుకి ఏం బాగుంటుంది? అన్నీ కలిపేస్తే దేనికి ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది?

పాత లెక్కల మాస్టారు: అది తెలియదమ్మా, నిజమే. కలిపితే సగటు మాత్రమే వస్తుంది.